‘ఎవరు మార్చారు’ అనే గడి

హనుమకొండలో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో నేను రిపోర్టులు కూర్చే పని చేస్తాను. మేడ మీద మూడు గదులు, కింద జిరాక్స్ షాపు, అంతే మా ఆఫీసు. చుట్టుపక్కల ఊళ్లలో బోరింగుల నీళ్లు పరీక్షించి, ఏవి తాగొచ్చో ఏవి తాగకూడదో రాసి పంచాయతీకి రిపోర్టు ఇస్తాం. బోరింగు అంటే చేత్తో కొట్టే పంపు. మా వైపు నల్లా వచ్చిన ఊళ్లలో కూడా తాగడానికి బోరింగు నీళ్లే కావాలనే ఇళ్లు చాలా ఉన్నాయి. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువుంటే ఆ బోరింగుకు ఎర్ర రంగు వేస్తారు, తాగదగ్గవైతే నీలం రంగు. రంగు వేసేది పంచాయతీ వాళ్లు. ఏ బోరింగుకు ఏ రంగు అనేది మా రిపోర్టులోని పట్టిక చూసే వేస్తారు.

ఒక్కో రిపోర్టులో నలుగురి చేతులు పడేవి. ఊళ్లు తిరిగి నీళ్లు పట్టి పరీక్ష చేసే అన్న ఒకరు. ఆయనకు యాభై దాటాయి, ఊళ్లో కొంత వ్యవసాయం కూడా ఉంది. ఆయన నోటుబుక్కులోని అంకెలను కంప్యూటర్‌లో ఎక్కించే అమ్మాయి ఒకరు. ముందుమాట, సూచనలు రాసే మా సార్ ఒకరు. వీళ్లందరి రాతనూ కలిపి, తప్పులు దిద్ది, చదవడానికి వీలుగా చేసేదాన్ని నేను. తెలుగులో ఎం.ఏ. చదివాను. నా చేతిలోంచి పోయిన రిపోర్టులో తప్పు ఉండదని నాకు గర్వం ఉండేది. నలుగురితో కలిసి పని చేసేదానికి ఉండాల్సినదానికంటే కాస్త ఎక్కువే ఉండేది.

నిజానికి ఆ ఫైళ్ల సంగతి చూస్తే అంత గర్వపడాల్సిందేమీ లేదు. మొదట ‘నీళ్ల రిపోర్టు’ అని ఒక ఫైలు పుట్టేది. దాన్ని నేను మెయిల్లో అందరికీ పంపేదాన్ని. ఎవరి కాపీ వాళ్లు దించుకుని, దిద్ది, తిరిగి పంపేవాళ్లు. వారం తిరిగేసరికి ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘ఫైనల్ సార్ చూసింది’, ‘లేటెస్ట్ ఫైనల్’, ‘ఇదే ఫైనల్’ అని ఒకే ఫోల్డర్లో ఉండేవి. ఏది దేని తర్వాతదో నాకు ఒక్కదానికే తెలుసు. ఎవరైనా అడిగితే వెతక్కుండానే చెప్పేదాన్ని. అది నా నేర్పు అనుకునేదాన్ని. ఆ లెక్కంతా నా తలలో తప్ప ఇంకెక్కడా లేదని, తల మరిచిపోతే ఇక అడిగే చోటు లేదని ఎప్పుడూ తట్టలేదు.

వరంగల్‌కు గంట దూరంలో ఉన్న ఒక ఊరి రిపోర్టు దగ్గర జరిగింది ఇది.

ఆ ఊళ్లో బడి పక్కన ఒక బోరింగు, ఊరి చివర వాడ మలుపు దగ్గర ఇంకొకటి ఉన్నాయి. అన్న రెండింటి నీళ్లూ సీసాల్లో పట్టి ఇక్కడ కాలేజీ ల్యాబుకు పంపాడు. ల్యాబు చెప్పిన ప్రకారం బడి బోరింగులో ఫ్లోరైడ్ హద్దు దాటింది, వాడ బోరింగు మంచిది. మొదటి పట్టికలో అలాగే ఎక్కింది. నాలుగు రోజుల తర్వాత అన్న నాకు ఫోన్ చేశాడు.

“చెల్లె, ఆ రెండు బోరింగుల లెక్క తారుమారైంది. సీసాల చీటీలు నేనే ఒకదానిది ఒకదానికి అంటబెట్టినట్టున్న. నాకు శక్ వచ్చి మళ్ల పోయిన. అక్కడ్నే మందు కలిపి చూసిన. బడికాడి నీళ్లు గులాబీ రంగే ఉన్నయ్. వాడకాడివి పసుపుకు తిరిగినయ్. మళ్ల సీసాలు పట్టి ల్యాబుకు గూడ ఇచ్చిన, వాళ్లు గూడ అదే చెప్పిండ్రు.”

మా దగ్గరున్న మందును మంచి నీళ్లలో కలిపితే గులాబీ రంగు వస్తుంది. ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ పసుపుకు తిరుగుతుంది. అందుకే ఆయన మాట నాకు వెంటనే అర్థమైంది.

“అయితే మార్చి పంపన్నా,” అన్నాను.

“మార్చి మెయిల్ పెట్టిన. జర చూసుకో చెల్లె. ఫైలు పేరు నాకు సరిగ్గ పెట్టరాలె.”

ఆయన కంప్యూటర్ నేర్చుకుని రెండేళ్లు కూడా కాలేదు. మెయిల్ తెరిచాను. రెండు వరసల్లో అంకెలు మార్చి, పక్కన ఎర్ర అక్షరాలతో ‘చీటీలు మారినవి, మళ్లీ పరీక్ష చేసిన’ అని రాశాడు. ఆ మార్పును ఒప్పుకుని నా ఫైల్లో పెట్టుకున్నాను. ‘ఫైనల్ పట్టిక సరిచేసింది’ అని పేరు కూడా పెట్టాను. ఆ పని నేను చేశాను. చేయకపోయి ఉంటే ఇంత సిగ్గు ఉండేది కాదేమో.

ఇంతలో సార్ కాపీ వచ్చింది. ఆయన ఊళ్లు తిరుగుతూ పది రోజులుగా తన ల్యాప్‌టాప్‌లో దిద్దుతూ ఉన్నారు. అన్న దిద్దుబాటు రాకముందు దించుకున్న కాపీ అది. అందులో ముందుమాట మొత్తం కొత్తది, సూచనలు కొత్తవి, బొమ్మలు పెట్టారు, పేజీల తీరు మార్చారు. ఇన్ని మార్పులను నా ఫైల్లోకి ఒక్కొక్కటిగా తెచ్చుకోవడం కంటే సార్ కాపీనే అసలుగా పెట్టుకుని, మిగతా ముగ్గురి చిన్నచిన్న దిద్దుబాట్లు అందులో ఎక్కించడం తేలిక అనిపించింది. ఆ దిద్దుబాట్లు ఏవో ఎక్కడా రాసిపెట్టుకోలేదు. గుర్తున్నాయి కదా అనుకున్నాను. అక్షర దోషాలన్నీ దిద్దాను. ఒక చోట ‘త్రాగునీరు’, ఇంకో చోట ‘తాగునీరు’ ఉంటే పుస్తకమంతా ఒకేలా చేశాను. పట్టికలకు గీతలు బాగా కుదిరేలా సర్దాను. అన్న మార్చిన రెండు వరసలను మాత్రం ఎక్కించలేదు. గీతలు సర్దుతున్నప్పుడు ఆ వరసలు నా కళ్ల ముందే ఉన్నాయి. వాటి వెడల్పు చూశాను కానీ అంకెలు చూడలేదు.

అచ్చయిన రిపోర్టు అందంగా వచ్చిందని సార్ మెచ్చుకున్నారు. పంచాయతీకి ఇచ్చాం. అన్నకు కూడా ఒక ప్రతి ఉంచాం కానీ ఆయన అప్పటికి మేడారం జాతర పనిలో ఉన్నాడు. జాతరకు వచ్చే జనం తాగే నీళ్లలో క్లోరిన్ చూడటానికి మా సంస్థ తరఫున వెళ్లి, అట్నుంచి అటే ఏటూరునాగారం వైపు ఊళ్లకు పోయాడు. ఆ ప్రతి ఆయన బల్ల సొరుగులోనే ఉండిపోయింది.

మూడు నెలల తర్వాత ఒకరోజు పొద్దున పది గంటలకు, ఆఫీసులో ఇంకా టీ కూడా రాలేదు, అన్న ఫోన్.

“చెల్లె, నేను ఆ ఊళ్లె ఉన్న. బడికాడి బోరింగుకు ఎర్ర రంగేసిండ్రేంది?”

నాకు వెంటనే అర్థం కాలేదు. “ఎర్ర రంగా?”

“అవు. మంచి బోరింగుకు ఎర్ర రంగు, చెడ్డదానికి నీలి రంగు. బడికాడి ఇండ్లోళ్లంత బిందెలు పట్టుకుని వాడదాంక పోతాండ్రు. ముందట ఉన్న మంచి నీళ్లు ఇడిచిపెట్టి గంత దూరం పోయి గవ్వి తెచ్చుకుని తాగుతాండ్రు. అంగన్‌వాడీ ఆయమ్మ పిల్లలకు వంట గూడ వాటితోనే చేస్తాంది. సర్పంచును అడిగితే మీ బుక్కుల్నే అట్ల ఉన్నదంటాండు.”

ఫోన్ పెట్టి రిపోర్టు తీశాను. పదిహేడో పేజీ. బడి బోరింగు ఎదురుగా హద్దు దాటిన అంకె. వాడ బోరింగు ఎదురుగా ‘తాగవచ్చు’. గీతలు చాలా చక్కగా ఉన్నాయి. ఆ క్షణానే నాకు తెలుసు అని ఇప్పుడు అనుకుంటాను. ఎలా జరిగిందో పూర్తిగా గుర్తుకు రాకపోయినా, తప్పు నా బల్ల మీదే జరిగిందని తెలుసు.

ఆ మధ్యాహ్నమే సార్ మీటింగు పెట్టారు. అన్న ఊరి నుంచి నేరుగా బస్సులో వచ్చి, చెప్పుల దుమ్ముతో అలాగే కూర్చున్నాడు. డేటా ఎక్కించే అమ్మాయి, నేను, సార్. సార్ రిపోర్టును బల్ల మీద పెట్టి అడిగారు.

“ఈ పట్టిక ఎవరిది?”

“నేను ఇచ్చిందే సార్ మొదలు,” అన్నాడు అన్న. “చీటీలు మారినయ్. అది నా తప్పే. కని మళ్ల పోయి చూసి, మార్చి పంపిన. మేడంకు మెయిల్ పెట్టిన, ఫోన్ గూడ చేసిన.”

సార్ నా వైపు తిరిగారు. అన్న కూడా చూశాడు. ఆయన చూపులో నిలదీయడం లేదు. నేను అవునంటే ఈ మాట ఇక్కడితో తేలిపోతుంది కదా అన్న నమ్మకం ఉంది.

“నాకైతే మెయిల్ రాలేదు సార్,” అన్నాను. ఫోన్ సంగతి ఎత్తలేదు.

ఆ మాట ఎందుకు వచ్చిందో చాలాసార్లు ఆలోచించాను. భయం ఒకటి. అంతకంటే, పదేళ్లుగా ‘మేడం చూస్తే తప్పు ఉండదు’ అనిపించుకున్న పేరు. ఆ క్షణంలో నా మనసులో ఒక చిన్న సందు కూడా దొరికింది: ఆ మెయిల్‌ను ఈరోజు ఇంకా వెతికి చూడలేదు కదా, రాలేదేమో కదా. ఆ సందులోకి దూరిపోయాను.

అన్న మెల్లగా, “నాకు కంప్యూటర్ అంత రాదు. పోయిందనుకున్న. పోలేదేమో,” అన్నాడు.

నా అబద్ధానికి ఆయన తన చేతగానితనాన్ని అడ్డం పెట్టాడు. నేను దాన్ని తీసుకున్నాను.

సార్ కోపిష్టి మనిషి కాదు. అయినా, “చీటీలు మార్చడం, సరిదిద్దింది పంపకపోవడం, రెండూ పెద్దవే,” అన్నారు. కొన్నాళ్లు పరీక్షల పని ఇంకొకరికి ఇస్తానని, అన్నను ఆఫీసులో పాత నోటుబుక్కులు సర్దమని చెప్పారు. నా వైపు తిరిగి, “ఇలాంటివి మళ్లీ రాకుండా మీరే ఒక పద్ధతి పెట్టండి. ఫీల్డు వాళ్లు ఏం పంపుతున్నారో, ఎప్పుడు పంపుతున్నారో రాతలో ఉండాలి,” అన్నారు.

పద్ధతి పెట్టమని నాకే చెప్పారు.

మీటింగు అయ్యాక నా గదిలో కూర్చుని మెయిల్ వెతికాను. ఉంది. అన్న పంపిన రోజు, సమయం, జత చేసిన ఫైలు, అన్నీ ఉన్నాయి. కింద నా జవాబు కూడా ఉంది: ‘అందింది అన్నా, మార్చుతున్నా.’ ఆ మూడు మాటలు నేను టైపు చేసినవే. తర్వాత నా కంప్యూటర్‌లో ‘ఫైనల్ పట్టిక సరిచేసింది’ దొరికింది. ఆ ఫైలునూ అచ్చుకు పంపిన ఫైలునూ వర్డ్‌లో పక్కపక్కన పెట్టి పోల్చి చూశాను. రెండు ఫైళ్ల మధ్య తేడాలన్నీ గుర్తుపెట్టి చూపించే వసతి అందులో ఎప్పటినుంచో ఉంది. పదేళ్లలో ఒక్కసారి వాడలేదు. సార్ కొత్త ముందుమాట రంగులో కనిపించింది, బొమ్మలు కనిపించాయి, నేను దిద్దిన ‘తాగునీరు’లు కనిపించాయి. పదిహేడో పేజీలో సరైన అంకెలు కొట్టివేతలుగా, పాత అంకెలు కొత్తవిగా. రెండు నిమిషాలు పట్టలేదు. అచ్చుకు ముందు ఆ రెండు నిమిషాలు పెట్టి ఉంటే ఆ ఊరి వాళ్లు మూడు నెలలు ఆ నీళ్లు తాగేవాళ్లు కాదు.

ఆ రోజు ఎవరికీ చెప్పలేదు. మర్నాడూ చెప్పలేదు. పంచాయతీకి ఫోన్ చేసి రంగులు మార్చమని మాత్రం సార్ చెప్పారు, నేనే చేశాను. “అచ్చులో పొరపాటు పడింది,” అన్నాను. ఎవరి పొరపాటో అవతలివాళ్లు అడగలేదు. పదకొండు రోజులు అలా గడిచాయి. అన్న పక్క గదిలో నేల మీద కూర్చుని పాత నోటుబుక్కులు సంవత్సరాల వారీగా కట్టలు కట్టేవాడు. నేను ఆ గుమ్మం ముందునుంచి పోవాల్సి వచ్చినప్పుడల్లా చేతిలో ఏదో కాగితం పట్టుకుని చదువుతున్నట్టు పోయేదాన్ని. ఆయన నన్ను చెల్లె అనడం మానేశాడు. “మేడం, ఈ కట్ట ఎక్కడ పెట్టాలె?” అని అడిగేవాడు. వరంగల్ కాశిబుగ్గలోని మా ఇంట్లో అమ్మ “ఏమైందే, అన్నం కెలుకుతున్నవ్?” అంటే తలనొప్పి అన్నాను.

పద్ధతి రాయడం మొదలుపెట్టాను. చేతకాని పని కాదు. మాకు ఏది లేక దెబ్బ తగిలిందో నాకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. అసలు ఫైలు ఒక్కటే, అది అందరికీ అందే డ్రైవ్‌లో ఉండాలి. ఎవరూ సొంత కాపీలో దిద్దకూడదు. ఊరికి పోతూ తప్పనిసరై దించుకుంటే, ‘ఫలానా వెర్షన్ నా దగ్గర ఉంది’ అని రాసి పోవాలి, తిరిగొచ్చేదాకా దాన్ని ఇంకెవరూ ముట్టకూడదు. పేరులో ‘ఫైనల్’ అనే మాట ఉండకూడదు. ఊరి పేరు, తర్వాత సంవత్సరం, నెల, రోజు ఆ వరసలో, తర్వాత వెర్షన్ నంబరు. ఒకటికి ముందు సున్నా పెట్టాలి, లేకపోతే ఫోల్డర్లో పది వచ్చి రెండుకు ముందు కూర్చుంటుంది. పాతవాటిని చెరపకూడదు, ‘పాతవి’ అనే ఫోల్డర్లోకి పంపాలి. అంకె మారితే నోటుబుక్కు పేజీ నంబరు లేకుండా ఒప్పుకోకూడదు. అచ్చుకు ముందు కడపటి రెండు వెర్షన్లనూ పోల్చి చూసి, చూసినవాళ్లు సంతకం పెట్టాలి.

వీటన్నిటికీ ముందు, రిపోర్టు రెండో పేజీలో మార్పుల పట్టిక. వెర్షన్, తేదీ, ఏ పేజీ, ఏముండేది, ఏమైంది, ఎందుకు, ఎవరు మార్చారు, ఎవరు ఒప్పుకున్నారు. మొత్తం ఎనిమిది గడులు.

పట్టిక ఎలా నింపాలో చూపించడానికి ఒక నమూనా కావాలి. ఈ ఊరి రిపోర్టునే తీసుకోమని సార్ అన్నారు. సవరించిన ప్రతి ఎలాగూ మళ్లీ అచ్చు వేయాలి. మెయిళ్ల తేదీలు చూసుకుంటూ వరసలు నింపుకుంటూ పోయాను. మొదటి పట్టిక: మార్చింది అన్న. రెండు వరసల దిద్దుబాటు: మార్చింది అన్న, ఒప్పుకున్నది... అక్కడ ఆగాను. ఆ వరసను రాస్తే తర్వాతి వరస కూడా రాయాలి. కాసేపు ఆలోచించి ఆ వరసను మొత్తం వదిలేశాను. సార్ కాపీ తర్వాత ‘పట్టికలో పాత అంకెలు పడినవి’ అని రాశాను. ‘పడినవి’ అన్నాను, వాటంతట అవి వచ్చి పడ్డట్టు. ఎవరు మార్చారు అనే గడిని ఖాళీగా ఉంచాను.

డేటా ఎక్కించే అమ్మాయికి చూపించాను, అర్థమవుతోందో లేదో చెప్పమని. ఆ అమ్మాయి వేలితో వరస వెంట పోతూ ఆ గడి దగ్గర ఆగింది.

“అక్కా, ఇక్కడ పేరు రాయలేదు.”

“తెలియదు కదా,” అన్నాను.

“పేరు సంగతి ఉండనీ, ‘పాత అంకెలు పడినవి’ అంటే ఎట్లక్కా? కొత్తవి ముందే ఉంటేనే కదా వాటిమీద పాతవి పడేది. మరి కొత్తవి ఎక్కించిన వరస ఏది?”

తను నన్ను పట్టుకోవాలని అడగలేదు. పట్టిక అర్థం కావట్లేదని అడిగింది, అంతే. “ఉండు, సరిచేసి చూపిస్తా,” అని ఫైలు మూసేశాను. తను పోయాక చాలాసేపు ఆ మూసిన తెరను చూస్తూ కూర్చున్నాను. నేను పెడుతున్న పద్ధతి మీద మొదటి అబద్ధం నేనే రాస్తున్నాను. దాని కింద ఇక ఎవరు ఏం రాసినా ఏం విలువ ఉంటుంది?

మళ్లీ తెరిచాను. వదిలేసిన వరస రాశాను. అన్న పంపిన తేదీ, నేను అందిందని జవాబిచ్చిన తేదీ. ఒప్పుకున్నది: నేను. తర్వాతి వరసలో ‘సార్ కాపీని అసలుగా తీసుకుని, అంతకుముందు ఒప్పుకున్న దిద్దుబాటును ఎక్కించడం మరిచిపోయాను. అచ్చుకు ముందు పోల్చి చూడలేదు’ అని రాసి, ఎవరు మార్చారు అనే గడిలో నా పేరు టైపు చేశాను. నా పేరు అంత పొడుగ్గా ఎప్పుడూ అనిపించలేదు. ప్రింటు తీసుకుని, మెయిల్ కాగితం కూడా జత చేసి, సార్ గదిలోకి పోయాను. అన్ననూ ఆ అమ్మాయినీ కూడా పిలవమని అడిగాను. ఏ ముగ్గురి ముందు అబద్ధం చెప్పానో వాళ్ల ముందే చెప్పాలి కదా.

“సార్, అన్న మెయిల్ నాకు వచ్చింది. జవాబు కూడా ఇచ్చిన. మీటింగులో రాలేదని అబద్ధం చెప్పిన. ఆ రోజే చూసుకున్న. పదకొండు రోజులు దాచిపెట్టిన.”

ఏడిస్తే జాలి పడతారని ఏడవకుండా ఆపుకున్నాను. సార్ కాగితం చదివారు. రెండోసారి చదివారు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, “మీరు ఇలా చేస్తారని అనుకోలేదు,” అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది. తర్వాత, “నేను పది రోజులు ఆ ఫైలు నా దగ్గర పెట్టుకున్నది కూడా ఇందులో రాయండి,” అన్నారు. అన్న వైపు తిరిగి, “సోమవారం నుంచి మీ పని మీదే. నేను మెయిల్ చూడకుండానే నమ్మేశాను, ఏమనుకోకండి,” అన్నారు.

అన్న మెయిల్ కాగితం పట్టుకుని చూస్తున్నాడు. తన మెయిల్ నిజంగానే పోయిందని కళ్లతో చూసుకుంటున్నాడు. పదకొండు రోజులు ఆయన తన చేతులనే అనుమానించుకున్నాడని నాకు అప్పుడు తెలిసింది.

బయటికి వచ్చాక, “అన్నా, తప్పైంది,” అన్నాను.

“మర్చిపోవుడు అందరికైతది మేడం. నేను గూడ చీటీలు మార్చిన గద,” అన్నాడు. పక్క గది గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి, “కని నా మొఖం చూస్కుంట అన్నవ్ చూడు, రాలేదని. అదే నాకు రెండు దినాలు అన్నం తిననియ్యలె. నాకే మతి పోయిందేమో అనుకున్న,” అన్నాడు. నోటుబుక్కుల గదిలోకి పోయి మిగిలిన కట్ట పూర్తి చేశాడు. సగంలో వదిలేయవచ్చు. వదల్లేదు.

ఆ వారంలోనే ఊరికి పోయాం. సవరించిన రిపోర్టు పంచాయతీకి ఇచ్చి ఊరుకోవచ్చు కానీ, ఊళ్లోవాళ్లకు నేనే చెబుతానని సార్‌ను అడిగాను. బడి బోరింగు ఎర్ర రంగు మీద అప్పటికి నీలం వేశారు. పదిహేను ఇరవై మంది ఆడవాళ్లు వచ్చారు. అన్న వాళ్ల ముందే రెండు గాజు గొట్టాల్లో నీళ్లు పట్టి మందు కలిపి చూపించాడు. ఒకటి గులాబీ, ఒకటి పసుపు. నేను చెప్పాను, పట్టికలో తప్పు రాసింది నేనని.

ఒక పెద్దమ్మ గొట్టం వంక చూసి, “అయితే బిడ్డా, మా ఇంటి ముంగట మంచి నీళ్లు పెట్టుకుని మేం గంత దూరం పోయినట్టా?” అంది.

“అవును పెద్దమ్మా.”

“మోకాళ్ల నొప్పులున్నా పోయినం. మీరు సదువుకున్నోళ్లు బుక్కుల రాసిండ్రు గదాని.”

అంగన్‌వాడీ ఆయమ్మ, “పిల్లలకేమన్న అయితదా మేడం?” అని అడిగింది.

ఫికర్ చేయకండి అని చెప్పాలని నోటిదాకా వచ్చింది. మళ్లీ ఒక తేలిక మాట. అన్నే అందుకున్నాడు. “మూడు నెలలకే పండ్లు, ఒంట్ల బొక్కలు పాడైతయని ఎవరూ చెప్పరమ్మా. ఏండ్ల తరబడి తాగితే వచ్చే బాధ అది. కని తాగొద్దు. ఈ నెల పిల్లలను దవాఖానల ఒకసారి చూపిద్దాం, మేం గూడ వస్తం.” ఆయన సరిగ్గా తెలిసినంతే చెప్పాడు, ఎక్కువా తక్కువా లేకుండా. నేను నేర్చుకోవాల్సింది అదేనని అనిపించింది, అంత వయసొచ్చాక అనిపించడం ఇంకో సిగ్గు.

ఆ పెద్దమ్మ నన్నేమీ అనలేదు. బిందె ఎత్తుకుని బడి బోరింగు దగ్గరికి పోయింది. కొట్టేముందు ఒక్కసారి వెనక్కి తిరిగి, నన్ను కాదు, అన్నను అడిగింది: “ఇది ఖాయమేనా కొడుకా?”

పిల్లల్ని దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరు చూసి, ఇప్పటికి ఏమీ లేదు, నీళ్లు మారిస్తే చాలన్నారు. ఆ మాట విన్నాక కూడా తేలికపడలేదు. వాళ్లకేమీ కాకపోవడం నా మంచితనం వల్ల కాదు కదా.

పద్ధతి నిలబడటానికి మరో ఐదారు నెలలు పట్టింది. మొదట్లో అందరూ విసుక్కున్నారు. ఒక్క అక్షరం దిద్దినా వరస రాయాలా అని ఆ అమ్మాయి అడిగింది. అక్షర దోషాలన్నిటికీ కలిపి ఒక వరస చాలని, అంకెకూ అర్థానికీ మాత్రం విడివిడిగా రాయాలని మార్చుకున్నాం. అన్న ఫోన్లో చెప్పిన దిద్దుబాటును అందుకున్నవాళ్లు ఆ రోజే రాయాలనే నియమం తర్వాత చేర్చాం. అది నా కోసమే. సార్ ఒకసారి అలవాటు కొద్దీ దించుకున్న కాపీలో దిద్ది పంపారు. ఏ వెర్షన్ మీద దిద్దారో చెప్పే వరస లేదు. తీసుకోలేనని చెప్పి వెనక్కి పంపాను. ఆయన గొణుక్కుంటూ మళ్లీ అసలు ఫైల్లోనే దిద్దారు.

ఇప్పుడు రిపోర్టు అచ్చుకు పోయేముందు కడపటి రెండు వెర్షన్లూ పోల్చే పని నాది కాదు. నేనే వద్దన్నాను. కూర్చినవాళ్లే చూసుకోకూడదని ఆ పనిని డేటా ఎక్కించే అమ్మాయికీ అన్నకూ కలిపి ఇచ్చాం. అంకెలు అన్న నోటుబుక్కులోంచి పైకి చదువుతాడు, ఆ అమ్మాయి తెర మీద చూసి సరే అంటుంది. నేను పక్క బల్ల దగ్గర కూర్చుని వింటాను. పోయిన నెల ఒక రిపోర్టులో నేను సర్దిన పట్టికలోనే ఒక వరస కిందికి జరిగిపోయిందని పట్టుకున్నారు. “మేడం, తొమ్మిదో వరస ఒక్కసారి చూడండ్రి,” అన్నాడు అన్న. లేచి పోయి చూశాను. నిజమే. కుర్చీ లాక్కుని కూర్చుని, వాళ్లిద్దరూ చూస్తుండగానే ఒక వరస రాసి, నా పేరు పెట్టాను.